మయూరి ఎన్‌క్లేవ్‌లో రాజు అనే మనిషి లేడు

వాచ్‌మన్ జంగయ్య కొడుకు శ్రీశైలానికి పిల్లనిస్తామని బోడుప్పల్ నుంచి మనుషులు వచ్చారు. ఇల్లు చూసుకుందామని వచ్చారు. ఇల్లంటే నాచారంలో మయూరి ఎన్‌క్లేవ్ సెల్లార్‌లో, మోటారు పక్కనున్న గది. జంగయ్య భార్య అండాలు ఆ గదిని పొద్దుటి నుంచీ రెండుసార్లు కడిగింది. పిల్ల తండ్రి యాదగిరి టెంపో డ్రైవరు. ఆయనా, ఆయన భార్యా, ఇంకో పెద్దమనిషీ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని చాయ్ గ్లాసులు చేతిలోకి తీసుకున్నారు. జంగయ్య తెల్ల చొక్కా వేసుకుని వాళ్ళకి ఎదురుగా కూర్చున్నాడు.

అప్పుడు మూడో అంతస్తు బాల్కనీలోంచి అసోసియేషన్ సెక్రటరీ విఠల్‌రావు కేక వేశాడు.

"ఒరేయ్ రాజూ! ఎక్కడ చచ్చావురా? ట్యాంకు ఖాళీ, మోటర్ వెయ్!"

జంగయ్య లేచి వెళ్ళి మోటారు వేసి వచ్చాడు. ఆయన తిరిగొచ్చేసరికి యాదగిరి గ్లాసు కింద పెట్టేసి ఉన్నాడు.

"బావా, నీ పేరు జంగయ్య అన్నవు గద. రాజు ఎవలు?"

"నేనే."

"రెండు పేర్లా?"

"పేరు ఒక్కటే. వీళ్ళు గట్ల పిలుస్తరు."

యాదగిరి భార్య అండాలు వైపు చూసింది. అండాలు నేల చూసింది. అప్పటికి జంగయ్య తలలో సగం తెల్లబడింది. ఒరేయ్ అన్న విఠల్‌రావు ఆయనకంటే చిన్నవాడు.

"మా పిల్ల గీ ఇంటికే రావాలె గద," అంది యాదగిరి భార్య, ఎవరికీ చెప్పనట్టుగా. "ఇంటి పెద్దమనిషినే ఒరేయ్ అంటే, దాన్నేమంటరో."

ఆలోచించుకుని చెప్తామని వెళ్ళిపోయారు. ఈ సంగతి నాకు అండాలు చెప్పింది. నేను ఆ అపార్ట్‌మెంట్‌కి రోజూ పార్సిళ్ళు తెచ్చేవాణ్ణి. ఎండలో బండి ఆపితే సెల్లార్ కుండలో నీళ్ళు ముంచి ఇచ్చేది ఆవిడే.

రాజు పేరు ఎలా వచ్చిందో చెప్పాలి. జంగయ్యకి ముందు అక్కడ పనిచేసిన వాచ్‌మన్ పేరు రాజు. అతను ఊరెళ్ళిపోయాడు. కల్వకుర్తి అవతలి నుంచి జంగయ్య వచ్చాడు. మొదటి రోజు "నా పేరు జంగయ్య సార్" అని చెప్పాడు. "ఏదైతే ఏంటయ్యా, రాజు అని నోటికి అలవాటైపోయింది" అన్నాడు విఠల్‌రావు. మిగతావాళ్ళకి ఆ మాట కూడా అవసరం పడలేదు. కరెంటు బిల్లు మీద పాత ఓనరు పేరు మార్పించడానికి నెలల తరబడి ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్ళే వాళ్ళంతా. మనిషి పేరు మార్చడానికి మాత్రం ఎవరూ ఎక్కడికీ తిరగనక్కర్లేకపోయింది.

పేరు ఒక్కటే అయితే జంగయ్య ఊరుకునేవాడేమో. పలకరింపులన్నీ అలాగే ఉండేవి. కార్లవాళ్ళు హారనుతో పలకరించేవారు. నాలుగో అంతస్తు అబ్బాయి చిటిక వేసేవాడు. రెండువందల మూడు ఫ్లాటు ఆవిడ "తిన్నావా రాజూ?" అని ఎంతో ఆప్యాయంగా అడిగేది. అడిగినప్పుడల్లా చేతిలో నిన్నటి కూర గిన్నె ఉండేది. దాంతో ఆ ప్రశ్న వినబడగానే "తిన్నమ్మా, కడుపు నిండ తిన్న" అని జంగయ్య ముందే చెప్పేసేవాడు. ఇంకొకాయన కారు అద్దం దించి "ఎలా ఉన్నావోయ్?" అనేవాడు. జంగయ్య నోరు తెరిచేలోపు అద్దం పైకెక్కేది. చాలాకాలం ఆ గేటు దగ్గర నిలబడి చూశాను నేను. జవాబు కోసం ఆగని పలకరింపు హారను కన్నా మెరుగేం కాదు.

నాకైతే తలుపు ఒక జానెడు తెరుచుకునేది. అందులోంచి ఒక చెయ్యి వచ్చేది. పార్సిల్ లోపలికి పోయేది. ఏళ్ళ తరబడి పార్సిళ్ళిచ్చిన ఇళ్ళల్లో కూడా ముఖాలు తెలియవు నాకు, చేతులే తెలుసు.

ఒకటో అంతస్తులో జులేఖా టీచర్ ఉండేది. స్కూల్లో పనిచేసి రిటైరయింది. మనిషి కాస్త చిరాకుదే. మెట్ల మీద చెప్పులు వదిలితే ఎవరినైనా కడిగేసేది. కానీ అద్దెకి దిగిన రోజు గేటు దగ్గర ఆగి, "నేను జులేఖా. ఒకటో అంతస్తు. మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" అని అడిగింది. జంగయ్యకి అర్థం కాలేదు. ఆవిడ మళ్ళీ అడిగింది. జంగయ్య తన పేరు చెప్పాడు. అప్పటి నుంచి ఆవిడ "నమస్తే జంగయ్య గారూ" అనేది. విఠల్‌రావు ఎదురైతే "నమస్తే విఠల్‌రావు గారూ" అనేది. రెండూ ఒకే గొంతుతో. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డ రోజు విఠల్‌రావు ముఖం చూడాలి.

అండాలుని కూడా అడిగింది. అండాలు సిగ్గుపడింది. "గారు అంటే ఇంకెవరినో అనుకుంట టీచరమ్మా. అండాలు అనుర్రి చాలు." సరేనని ఆవిడ అండాలు అనే అనేది, కానీ రండి, కూర్చోండి అనేది. రెండో అంతస్తు డాక్టరు గారి డ్రైవర్‌కి సలీం భాయ్ అనిపించుకోవడం ఇష్టం, అతన్ని అలాగే పిలిచేది. అందరికీ ఒకే మాట ఆవిడ వాడలేదు. అడిగి, వాళ్ళు చెప్పింది వాడింది. పని చెప్పేటప్పుడూ, పని లేనప్పుడూ పలకరింపు ఒకటే. పని ఉంటే పలకరించాక కాస్త ఆగి, "మీ పని అయ్యాక గ్యాస్ సిలిండర్ పైకి పంపించగలరా?" అనేది. కుదరదంటే "పోనీ రేపు" అని వెళ్ళిపోయేది, మళ్ళీ మర్నాడు ముఖం మాడ్చుకునేది కాదు. నాకు తలుపు పూర్తిగా తీసేది. "నమస్తే అండి. నీళ్ళు కావాలా?" అనేది. వద్దంటే బలవంతం చేసేది కాదు. "సరే, మెల్లగా వెళ్ళండి." అంతే. నా కష్టాలు అడిగేది కాదు, నా మీద జాలిపడేది కాదు. ఆవిడకి పార్సిల్ ఇచ్చి దిగేటప్పుడు నేను ఏ దయకీ బాకీ పడలేదని అనిపించేది.

ఇక బోడుప్పల్ వాళ్ళ సంగతి. అండాలు విఠల్‌రావు ఇంట్లోనే అంట్లు తోముతుంది. ఒకరోజు సింకు దగ్గర ఏడ్చిందట. విఠల్‌రావు భార్య ఎందుకని అడిగి, విని, రాత్రి భర్తకి గడ్డి పెట్టింది. విఠల్‌రావు చెడ్డవాడు కాదు. తప్పు తెలిస్తే దిద్దుకోవాలనుకునే మనిషే. ఎలా దిద్దాలో తెలియని మనిషి. మర్నాడు జంగయ్యతో "మళ్ళీ రమ్మనండి వాళ్ళని, నేను చూసుకుంటాను" అన్నాడు.

వాళ్ళు ఆదివారం వచ్చారు. ఆ రోజు నా చేతిలో అక్కడివే నాలుగైదు పార్సిళ్ళున్నాయి. గేటు లోపల నిలబడి అంతా చూశాను.

విఠల్‌రావు సెల్లార్‌లోకి ఆఫీసు కుర్చీ దింపించాడు. పై అంతస్తులవాళ్ళు కొందరు ఇస్త్రీ బట్టల్లో దిగారు. ఒకాయన స్వీటు డబ్బా తెచ్చాడు.

"జంగయ్య గారూ! కూర్చోండి జంగయ్య గారూ!" అన్నాడు విఠల్‌రావు. ఆ మాట పార్కింగ్ అంతా మారుమోగింది.

జంగయ్య ఆఫీసు కుర్చీ అంచున కూర్చున్నాడు. ఒకాయన ముందుకొచ్చాడు, జంగయ్య లేచాడు. ఇంకొకాయన వచ్చాడు, మళ్ళీ లేచాడు. చక్రాల కుర్చీ, లేచినప్పుడల్లా వెనక్కి జారేది. అండాలు దాన్ని పట్టుకుని నిలబడింది.

"మా జంగయ్య గారు బంగారం అండీ," అన్నాడు విఠల్‌రావు యాదగిరితో. "మా ఇంట్లో మనిషే అనుకోండి. ఇన్నేళ్ళలో ఒక్క స్పూను పోలేదు!"

"పోతదని చూసిన్రా సార్?" అన్నాడు యాదగిరి.

స్వీటు తెచ్చినాయన డబ్బా మూత తీశాడు.

"అది కాదండీ... నమ్మకస్తుడు అని నా ఉద్దేశం."

"ఇంట్లో మనిషి అన్నరు గద. ఇంట్లోవాళ్ళ గురించి గా ముచ్చట చెప్పం సార్."

పొగడ్తలో ఏం తప్పుందో విఠల్‌రావుకి నిజంగా తెలియలేదు. ఆ మనిషి ముఖంలో అది కనబడింది.

అప్పుడే జులేఖా టీచర్ కూరగాయల సంచీతో గేటులోంచి వచ్చింది. ఆవిడని ఎవరూ పిలవలేదు. గుంపుని చూసి కొంచెం విసుక్కున్నట్టుంది. "నమస్తే జంగయ్య గారూ. ఇంటికి చుట్టాలా?"

"నమస్తే టీచరమ్మా. అవు, బోడుప్పల్ నుంచి."

"నమస్తే అండి," అని యాదగిరి వాళ్ళకి చెప్పి, లిఫ్ట్ పనిచెయ్యట్లేదని గొణుక్కుంటూ మెట్లెక్కింది.

యాదగిరి ఆవిడ పోయినవైపు చూశాడు. "బావా, గీమెకు నువ్వు లేవలే," అన్నాడు మెల్లగా.

జంగయ్య తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. నిజమే, లేవలేదు. రోజూ లేవడు, గేటు దగ్గర స్టూలు మీద కూర్చునే ఉండి జవాబు చెప్తాడు. యాదగిరి డ్రైవరు. ఎవరి మాటకి ఒళ్ళు తనంతట తాను లేస్తుందో, ఎవరి మాటకి కుదురుగా ఉంటుందో అతనికి చెప్పనక్కర్లేదు. "ఒక్కరన్న ఉన్నరు," అన్నాడు. ఆయన భార్య మొదటిసారి చాయ్ తాగింది. పెళ్ళి కుదిరిపోయిందనే అనుకున్నాను.

చెత్త ఆటో వచ్చింది. హారను కొట్టింది. గేటుకి అడ్డంగా ఆగింది.

జంగయ్య ఆఫీసు కుర్చీలోంచి మెడ తిప్పి అరిచాడు.

"ఏయ్ చెత్తా! గిదేనా టైము? అటు జరుపు బండి! ఇంటికి మనుషులొచ్చిన్రు కనవడ్తలేదా?"

రోజూ అరిచే అరుపే. ఎప్పుడూ ఎవరూ పట్టించుకోలేదు, నేను కూడా. ఆటోలో ఉన్నావిడ బండి అవతలికి జరిపింది, దిగి డబ్బాలు ఒంపుకుంది.

యాదగిరి గ్లాసు కింద పెట్టాడు. మళ్ళీ.

"మా పెద్దక్క గీ పనే చేస్తది బావా. ఉప్పల్ల." లేచి నిలబడ్డాడు. "నా బిడ్డను ఎత్తుకొని సాకింది ఆమెనే."

విఠల్‌రావు "కూర్చోండి, కూర్చోండి, స్వీటు తీసుకోండి" అంటూనే ఉన్నాడు. వాళ్ళు వెళ్ళిపోయారు. ఈసారి చెప్తామని కూడా అనలేదు.

శ్రీశైలం ఆ రోజు తండ్రితో మాట్లాడలేదు. తను పనిచేసే పంక్చర్ షాపుకి పోయి అక్కడే ఉండిపోయాడు. వాడికి ఆ పిల్ల స్వరూప అంటే ఇష్టం. చుట్టాల పెళ్ళిలో చూసుకున్నారు. తండ్రి నోటి వల్ల సంబంధం పోయిందని వాడు అండాలుతో అన్నాడు. అండాలు ఆ మాట దాచకుండా మొగుడికి చెప్పింది.

"సార్ నిన్ను రాజు అంటే మండింది గద. గామెకు పేరు లేదా?"

"ఏమో. ఎన్నడు అడగలే."

"బాలమణి. నేను రోజు మాట్లాడ్త."

మర్నాడు పొద్దున చెత్త ఆటో వచ్చేసరికి జంగయ్య గేటు బయట చేతులు జోడించి నిలబడ్డాడు.

"నమస్తే బాలమణమ్మ గారూ."

బాలమణి ఆటో దిగలేదు. ఆయన్ని కిందికీ మీదికీ చూసింది. "పొద్దుగాలనే తాగినవా?"

"లేదమ్మా. గౌరవంగ..."

"ఎగతాళి పట్టిచ్చినవా నన్ను? నిన్నటిదాంక చెత్త, ఇయ్యాల గారు! ఏం కావాల్నో చెప్పు, నకరాలు వద్దు."

"ఏం వద్దు. తప్పయింది."

ఆవిడ బండి ఇంజను ఆపింది. తర్వాత దిగి డబ్బా ఎత్తింది. "నీకన్న చిన్నదాన్ని. చెల్లె అను, లేకుంటే బాలమణి అను. గారు వద్దు, పెండ్లిపత్రిక చదివినట్టున్నది. ఒకటే షరతు. ఏది అన్నా రోజు అను. ఒక్కరోజు చెల్లె అని రేపు మళ్ల ఏయ్ అన్నవనుకో, మీ గేటుకాడ బండి ఆపను, చెత్త మీ సార్లనే మోసుకపొమ్మను."

"గట్లనే చెల్లె."

"జర ఆ డబ్బా మూత పట్టు మరి."

ఆయన మూత పట్టుకున్నాడు. ఆ తర్వాత చాలారోజులు జంగయ్య నోరు తడబడడం నేను విన్నాను. "ఏ..." అని మొదలై మధ్యలో ఆగి "చెల్లె" అయ్యేది. బాలమణి ఆ "ఏ" విని నవ్వేది. "మింగు, మింగు" అనేది. అలవాటు అనేది తలలో కాదు, నాలుక మీద ఉంటుంది. అక్కడినుంచి దింపడానికి టైం పడుతుంది. జంగయ్య ఆవిడతో మొదలుపెట్టి ఆగలేదు. డ్రైవర్లకీ, పాలవాడికీ, మాలాంటి పార్సిల్‌వాళ్ళకీ తనే ముందు నమస్తే పెట్టడం మొదలుపెట్టాడు. రిజిస్టర్ ముఖాన పడేసి "సంతకం పెట్టు" అనడం మానేశాడు. "నీడల పెట్టుకో తమ్మీ బండి, ఎవరింటికి?" అనేవాడు.

విఠల్‌రావు "గారు, గారు" అనడం మాత్రం పది రోజులైనా నిలవలేదు. ఒక సాయంత్రం కారు గేటు ముందు ఆపి హారను కొట్టాడు. "ఏయ్ రాజూ, గేటు!"

జంగయ్య గేటు తీశాడు. కారు కదిలేలోపు కిటికీ దగ్గరికి వచ్చాడు.

"నమస్తే సార్. ఒక మాట. నా పేరు జంగయ్య. రాజు పోయి శానా ఏండ్లయింది."

"అయితే ఏంటిప్పుడు?"

"జంగయ్య అనుర్రి చాలు సార్. గారు వద్దు, కుర్చీ వద్దు. నలుగురిల ఎట్లనో, ఎవ్వరు లేనప్పుడు గట్లనే అనుర్రి. ఒరే, ఏయ్ అనకుర్రి."

"ఇష్టం లేకపోతే వేరే చోటు చూసుకోవయ్యా. నేనేమన్నా తిట్టానా?"

"తిట్టలే సార్. అందుకే చెప్తున్న."

అద్దం పైకెక్కింది. ఆ వారం జంగయ్య ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఎవరికీ తెలియదు. అండాలు సామాన్లు సర్దడానికి గోనెసంచులు కూడా తెచ్చి పెట్టుకుంది. విఠల్‌రావు ఇద్దరు ముగ్గురితో కొత్త వాచ్‌మన్ గురించి మాట్లాడాడు. జులేఖా టీచర్ని అడిగితే "ఎందుకు?" అందట. కారణం పైకి చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు. పేరు పెట్టి పిలవమన్నందుకు తీసేస్తున్నాను అని ఎవరైనా ఎలా చెప్తారు? కొన్నాళ్ళకి హారను బదులు అద్దం దిగింది. "జంగయ్యా, గేటు." ప్రేమ లేదు, గౌరవం పొంగిపొర్లలేదు. జంగయ్య "నమస్తే సార్" అని గేటు తీశాడు. విఠల్‌రావు "ఆ, నమస్తే" అన్నాడు. అప్పటి నుంచి అలాగే నడిచింది.

ఆ ఎండాకాలం చివర్లో ఐదో అంతస్తులోకి కొత్తవాళ్ళు దిగారు. వాళ్ళ ఫ్రిజ్జు ఒక టెంపోలో వచ్చింది. వెనకే నేను. టెంపో గేటు ముందు ఆగింది. ఎండ ముందద్దం మీద పడి లోపలి మనిషి కనబడట్లేదు. జంగయ్య స్టూలు మీద నుంచే పలకరించాడు.

"నమస్తే అన్నా. ఎవరింటికి?"

"ఐదో అంతస్తు."

"లిఫ్ట్ గిప్పుడు మంచిగనే ఉన్నది. బండి గా చెట్టు నీడల పెట్టుకో అన్నా, గేటు కాడ కాలుతది. కుండల నీళ్ళున్నయ్. దించనీకె నేను ఒక చెయ్యి పడ్త, నడుం నొప్పి, ఎక్కువ పట్టలేను."

టెంపో తలుపు తెరుచుకుంది. యాదగిరి దిగాడు. జంగయ్య గబుక్కున లేవబోయాడు.

"కూసో బావా," అన్నాడు యాదగిరి. "గిప్పటిదాంక మంచిగ కూసున్నవు, నేననంగనే ఎందుకు లేస్తున్నవు?"

అటు చెత్త డబ్బాల దగ్గర బాలమణి ఉంది. ఆలస్యంగా వచ్చినట్టుంది ఆ రోజు. "అన్నా, మూత!" అని అరిచింది. "వస్తున్న చెల్లె, చుట్టాలొచ్చిన్రు, జర ఆగు," అన్నాడు జంగయ్య. ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ అదే వాక్యం ఒకప్పుడు ఎలా అన్నాడో గుర్తు రాలేదేమో, ఆగిపోయి యాదగిరి వైపు చూశాడు.

యాదగిరి కుండ దగ్గరికి పోయి నీళ్ళు తాగాడు. రెండో చెంబు ముంచి బాలమణికి ఇచ్చి వచ్చాడు. "ఫ్రిజ్జు దించినంక చాయ్ తాగుదం. అక్కకు చెప్పు," అన్నాడు.

పెళ్ళి శ్రావణంలో అయింది. కొత్తజంట నాచారంలో ఉండలేదు. పంక్చర్ షాపు పక్కనే చిన్న గది తీసుకున్నారు. అది స్వరూప పెట్టిన షరతు. పై అంతస్తులవాళ్ళు అత్తని అండాలు అని పిలిచినా, మామని జంగయ్య అని పిలిచినా తన వంతు వచ్చేసరికి ఎవరేమంటారో తను కాపలా కాయలేనంది. జంగయ్య కాదనలేదు.

నా ఏరియా మార్చారు. కొత్త ఏరియా కూకట్‌పల్లి. ఆఖరి రోజు జులేఖా టీచర్‌కి ఒక పుస్తకాల పార్సిల్ ఇచ్చి కిందికి దిగాను. రేపటి నుంచి రానని చెప్పాను. అండాలు పనికి పోయింది. జంగయ్య స్టూలు మీద ఉన్నాడు. కుండలోంచి నీళ్ళు ముంచి నా చేతికిచ్చాడు, తాగేదాకా ఆగాడు. తర్వాత తల గోక్కున్నాడు.

"గిన్నేండ్ల సంది నిన్ను పార్సిల్ తమ్మీ, పార్సిల్ తమ్మీ అనే పిలిచిన. నీ పేరేందో ఎన్నడు అడగలే. ఏం పేరు నీది?"